ఎదురింటివారితో ఎంతవరకు చెప్పాలి?

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలు వెనక హాల్లో బొమ్మలు వేసుకుంటున్నారు కాబట్టి ఒక అరగంట మనం నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు.

నేను డిగ్రీ కాలేజీలో చాలాకాలం మనస్తత్వశాస్త్రం చెప్పాను. మావారు బ్యాంకులో పనిచేశారు. అంటే నేను చదివింది పుస్తకాల్లో, చూసింది బ్యాంకు వాళ్ల ఇళ్లలో. ఈ రోజు నన్ను 'స్నేహం' అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద మాట. అందులోంచి మనందరికీ బాగా తెలిసిన ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ట్రాన్స్‌ఫర్ మీద కొత్త ఊరు వెళ్లాం. సామాన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. కాలింగ్ బెల్ మోగింది. ఎదురింటావిడ నవ్వుతూ నిలబడింది. ఆమెతో మన సంగతులు ఎంతవరకు చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి?

మనలో ఈ విషయంలో రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. ఒకరు తలుపు సగమే తీసి, 'ఆఁ, బ్యాంకేనండి' అని ఊరుకుంటారు. మూడేళ్లయినా పక్కింటివాళ్లకు వాళ్ల పిల్లల పేర్లు తెలియవు. ఇంకొకరు మొదటి కాఫీకే అత్తగారి పేచీ, ఇంటి లోను, తమ్ముడి విడాకులు అన్నీ చెప్పేస్తారు. వారం తిరిగేసరికి, 'అయ్యో, ఇంత చెప్పేశానేంటి' అని ఆమె ఎదురుపడకుండా లిఫ్టు వదిలేసి మెట్లు దిగుతుంటారు. మొదటివారికి స్నేహం ఏర్పడదు. రెండోవారికి ఏర్పడినట్టే ఏర్పడి చెడుతుంది.

ఈ రెండోది ఎందుకు జరుగుతుందో ముందు చూద్దాం. 1997లో ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు అమెరికాలో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఒకరికొకరు తెలియని విద్యార్థులను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ముప్పై ఆరు ప్రశ్నలిచ్చారు. పన్నెండేసి ప్రశ్నల చొప్పున మూడు కట్టలు. మొదటి కట్టలో తేలికైన ప్రశ్నలు, రెండో కట్టలో కొంచెం లోపలికి వెళ్లేవి, మూడో కట్టలో గుండెల్లో దాచుకునేవి. ఒక్కో కట్టకు పావుగంట. మొత్తం నలభై అయిదు నిమిషాలు. మరికొన్ని జంటలకు మామూలు లోకాభిరామాయణం ప్రశ్నలిచ్చారు. చివర్లో అడిగితే, మెట్టు మెట్టుగా లోతుకు వెళ్లిన జంటలు ఒకరికొకరు చాలా దగ్గరైనట్టు చెప్పారు.

ఈ ప్రయోగం పత్రికల్లో చాలా ప్రసిద్ధమైంది. అయితే ఆ పరిశోధకులే రాసిన ఇంకో మాట మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఈ పద్ధతివల్ల సాన్నిహిత్యం అనే అనుభూతి కలుగుతుంది, అంతేగానీ విధేయత, ఒకరిమీద ఒకరు ఆధారపడటం, నిబద్ధత లాంటివి దీనివల్ల వస్తాయని అనుకోలేం, వాటికి ఎక్కువ కాలం పట్టవచ్చు అన్నారు. నాకు ఈ మాటే ముఖ్యమనిపిస్తుంది. దగ్గరితనం వేరు, నమ్మకం వేరు. మొదటిది ముప్పావుగంటలో రావచ్చు. రెండోది అలా రాదు. ఎందుకంటే నేను చెప్పిన మాట మీ దగ్గర భద్రంగా ఉంటుందని నాకు తెలియాలంటే, అది మీ దగ్గర కొన్నాళ్లు ఉండాలి కదా!

రైల్లో చూడండి. విజయవాడలో ఎక్కిన ఇద్దరు ఖమ్మం దాటేలోపు పులిహోర పంచుకుంటారు, వరంగల్ దాటాక కష్టసుఖాలు పంచుకుంటారు. అందులో ప్రమాదం తక్కువ. ఆవిడ బల్లార్షాలో దిగిపోతుంది. మన వదినగారెవరో ఆవిడకు ఎప్పటికీ తెలియదు. ఎదురింటావిడ మాత్రం మూడేళ్లదాకా దిగదు. ఆమెకు మన వదినగారు కూడా తెలుస్తుంది, సంక్రాంతికి వచ్చి వారం రోజులుంటుంది కాబట్టి. రైలు స్నేహాన్ని తెచ్చి అపార్ట్‌మెంట్లో పెడితే వచ్చే చిక్కు ఇదే.

ఇప్పుడు ఒక కుటుంబం సంగతి చెబుతాను. నాకు బాగా తెలిసిన వాళ్లు. పేర్లు చెప్పను, ఆమెను శారద అనుకుందాం. కొన్ని వివరాలు మార్చాను.

శారద భర్తకు ప్రమోషన్ మీద నాగపూర్ వేశారు. భార్యాభర్తలు, ఎనిమిదో తరగతి చదివే కొడుకు, మావగారు. మావగారు రిటైరైన హైస్కూల్ హెడ్మాస్టరు. ఆయనకు జ్ఞాపకశక్తి తగ్గుతూ వస్తోంది. పగలు బాగానే ఉంటారు. పొద్దు వాలేసరికి కంగారు మొదలవుతుంది. 'ఇంటికెళ్దాం పదండి' అంటారు, ఇంట్లోనే కూర్చుని. మతిమరుపు జబ్బున్న చాలామంది పెద్దవాళ్లలో సాయంత్రం పూట ఇలా ఎక్కువవుతుంది. ఒకటి రెండుసార్లు చెప్పులేసుకుని కిందికి కూడా దిగారు. శారదకు ఎవరి సాయమైనా కావాలి. చెప్పుకోవడానికీ ఒక మనిషి కావాలి.

వెళ్లిన మూడో రోజున కింది అంతస్తులో ఒక తెలుగావిడ ఉన్నట్టు తెలిసింది. పరాయి రాష్ట్రంలో తెలుగు మాట వినపడితే మనకు ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. వారం రోజులు హిందీలో ఆచితూచి మాట్లాడిన నోరు ఒక్కసారిగా విప్పుకుంటుంది. భాష కలిసిందంటే మనసు కలిసిందనే అనిపిస్తుంది. శారద ఆ మధ్యాహ్నం రెండు గంటలు మాట్లాడింది. మావగారి పరిస్థితి, ఆయన్ని ఎవరు చూసుకోవాలన్న విషయంలో తోడికోడలితో వచ్చిన మాటలు, అన్నీ చెప్పింది. కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఆవిడ చాలా ఆప్యాయంగా విన్నది. ఇంటికి వచ్చాక శారదకు గుండె బరువు దిగినట్టే అనిపించింది.

నాలుగు రోజుల తర్వాత గేటు దగ్గర కూరగాయల బండి వద్ద, శారదకు పేరు కూడా తెలియని ఇంకొకావిడ హిందీలో, 'మీ మావగారికి మతి సరిగా ఉండదట కదా' అంది. పక్కనే శారద కొడుకు సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఇక్కడ ఆ తెలుగావిడ చెడ్డదని మీరు అనుకుంటే నేను ఒప్పుకోను. ఆ పేరు తెలియని ఆవిడ అన్నగారికి అలాంటి జబ్బే ఉండేది. ఎవరో మంచి డాక్టరు ఉన్నారట, కనుక్కుని చెబుదామని తెలుగావిడ అడిగింది. సాయం చేద్దామనే. ఆమెకు 'ఇది ఎవరితోనూ అనకండి' అని ఎవరూ చెప్పలేదు. సాండ్రా పెట్రోనియో అనే అమెరికన్ పండితురాలు ఈ విషయం మీదే ఒక సిద్ధాంతం కట్టారు. ఆమె చెప్పేదాని సారం ఇది. మన సంగతి ఒకరికి చెప్పిన క్షణం నుంచీ దానికి వాళ్లు కూడా హక్కుదారులవుతారు. జాయింట్ అకౌంట్ లాంటిదన్నమాట, ఈ పోలిక నాది. జాయింట్ అకౌంట్ తెరిచేటప్పుడు బ్యాంకువాళ్లు ఏమడుగుతారు? ఎవరు సంతకం పెడితే డబ్బు తీయవచ్చు, ఇద్దరూ కలిసి పెట్టాలా, ఎవరైనా ఒకరు పెడితే చాలా అని అడుగుతారు. మాట చెప్పేటప్పుడు మాత్రం మనం ఆ కాలమ్ ఖాళీగా వదిలేస్తాం. ఖాళీగా వదిలేస్తే ఎదుటివాళ్లు తమకు తోచినట్టు నింపుకుంటారు. చాలా గొడవలు ద్రోహంవల్ల రావు, ఈ ఖాళీ కాలమ్ వల్ల వస్తాయి.

అలాగే ఇంకో సంగతి. మావగారి జబ్బు శారద ఒక్కదాని సంగతి కాదు. అది ముందు ఆయనది, తర్వాత ఆమె భర్తది. ఊళ్లో అందరూ 'మాస్టారూ' అని లేచి నిలబడిన మనిషి ఆయన. తోడికోడలితో వచ్చిన మాటల్లో సగం తోడికోడలివి. మన కష్టం అని మనం చెప్పుకునేదాంట్లో చాలాసార్లు సగానికి పైగా వేరేవాళ్ల సంగతే ఉంటుంది.

సరే, ఇప్పుడు ఎదురింటి సంగతికి వద్దాం. ఎదురు ఫ్లాటులో ఒక మరాఠీ కుటుంబం. ఆమెను శారద అందరిలాగే 'వహినీ' అని పిలిచేది. అంటే వదినా అని. ఇద్దరికీ మధ్య ఉన్నది హిందీయే. ఇద్దరిదీ అంతంతమాత్రం హిందీ. నా ఉద్దేశంలో అదే మేలు చేసింది, ఒకేసారి ఎక్కువ చెప్పడానికి భాష చాలలేదు.

మొదటి వారం పెరుగు తోడు అడిగింది. పాలవాడు ఎన్నింటికి వస్తాడు, మంచి దర్జీ ఎక్కడున్నాడు, ఇవే మాటలు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి వంటల గురించి, సీరియళ్ల గురించి, నాగపూర్ ఎండల గురించి, బడి బస్సు గురించి మాట్లాడుకున్నారు. ఇవన్నీ పైపై మాటలని మనం తీసిపారేస్తాం. 1973లో ఇర్విన్ ఆల్ట్‌మన్, డాల్మస్ టేలర్ అనే ఇద్దరు పరిచయాలు ఎలా ముదురుతాయో వివరిస్తూ ఒక పుస్తకం రాశారు. మనిషిని ఉల్లిపాయతో పోల్చి చెప్పే వివరణ వాళ్ల సిద్ధాంతానిదే. పైపొరల్లో ఊరు, ఉద్యోగం, ఇష్టాయిష్టాలు. మధ్యపొరల్లో అభిప్రాయాలు, చిన్న చిన్న చిరాకులు. లోపల భయాలు, అవమానాలు, డబ్బు చిక్కులు. పరిచయానికి వెడల్పు, లోతు అని రెండు కొలతలుంటాయని వాళ్లన్నారు. మొదట్లో వెడల్పు పెరగాలి. పది రకాల తేలిక విషయాలు మాట్లాడుకున్నాకే ఒకటి రెండు చోట్ల లోతుకు వెళ్లడం సహజంగా ఉంటుంది. శారద కింది అంతస్తులో చేసింది దీనికి తిరకాసు. వెడల్పు లేకుండా ఒకేచోట బావి తవ్వింది.

వెడల్పువల్ల ఇంకో లాభం ఉంది. తేలిక మాటల్లోనే ఎదుటి మనిషి తీరు తెలుస్తుంది. వహినీ పైఇంటివాళ్ల గురించి మాట్లాడినప్పుడు, 'వాళ్లింట్లో పెళ్లి కుదిరింది, లడ్డూలు పంపారు' అనేది. అంతకుమించి లోపలికి వెళ్లేది కాదు. వేరేవాళ్ల గుట్టు మన దగ్గరికి తెచ్చే మనిషి మన గుట్టు వేరేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తుందని మన అమ్మమ్మలు చెప్పేవాళ్లు. దీన్ని మించిన పరీక్ష నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రెండో నెలలో శారద ఒక చిన్న మాట చెప్పింది. 'అబ్బాయికి యూనిట్ టెస్టులో లెక్కల్లో బాగా తక్కువ వచ్చాయి వహినీ. వాడికి సిగ్గుగా ఉంది, ఎవరితో అనకండి.' గమనించండి, ఇది పెద్ద రహస్యం కాదు. బయటికి పొక్కినా ఇల్లు మునగదు. కానీ పొక్కితే మాత్రం తెలిసిపోతుంది, ఎందుకంటే ఇంకెవరికీ చెప్పలేదు. ఎవరితో అనకూడదో కూడా స్పష్టంగా చెప్పింది. మూడు వారాలు గడిచాయి. ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. వహినీ కూడా వాడు కనిపిస్తే, 'ఏమోయ్ లెక్కలు ఎంతవరకు వచ్చాయి' అని అనలేదు. ఈ రెండోది నా దృష్టిలో ఇంకా ముఖ్యం. గుట్టు దాచేవాళ్లు చాలామంది ఉంటారు. మన ముందైనా దాన్ని కర్రలా వాడకుండా ఉండేవాళ్లు తక్కువ.

అంతేకాదు, కొన్నాళ్లకు వహినీయే తన తమ్ముడి బట్టల కొట్టు దెబ్బతిన్న సంగతి చెప్పింది. శారద చెప్పినదానికంటే ఒక మెట్టు లోతు. ఇలా వంతులవారీగా సాగడం చాలా అవసరం. సూసన్ స్ప్రెచర్, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో పరిచయం లేనివాళ్లను వీడియో కాల్‌లో మాట్లాడించారు. కొన్ని జంటలు నువ్వొకటి నేనొకటి అన్నట్టు మార్చి మార్చి చెప్పుకున్నాయి. మిగతా జంటల్లో మొదట ఒకరే చెబుతూ పోతే రెండోవారు వినడం, తర్వాత తారుమారు కావడం. చివరికి అందరూ చెప్పడానికి, వినడానికి అవకాశం దొరికినవాళ్లే. అయినా మార్చి మార్చి చెప్పుకున్నవాళ్లకే ఒకరి మీద ఒకరికి ఎక్కువ ఇష్టం కలిగింది. కింది అంతస్తులో ఆ మధ్యాహ్నం రెండు గంటలూ శారదే మాట్లాడింది, గుర్తుందా? ఆవిడ ఎంత ఆప్యాయంగా విన్నా, ఆవిడ సంగతి ఒక్కటీ శారద దగ్గర లేదు.

వంతు అన్నాను కదా అని లెక్కలు వేసుకోకండి. ఆమె ఒక రహస్యం చెప్పింది, నేనూ ఒకటి చెల్లించాలి అనుకుంటే అది వడ్డీ వ్యాపారమవుతుంది. కొందరు మొదటి రోజే తమ సంసారమంతా చెప్పి, మీరూ చెప్పాలన్నట్టు చూస్తారు. వినండి, దయగా వినండి. 'మీరు చాలా పడ్డారండీ' అనండి. బదులుగా మీ లోపలి పొర తీసి ఇవ్వక్కర్లేదు. అలాగే ఏమీ చెప్పని మనిషి మనల్ని నమ్మడంలేదని రెండు రోజుల్లోనే తేల్చేయకండి. కొందరి స్వభావమే అంత, మరికొందరికి భాష అడ్డం. ఒక్క కలయికతో ఏదీ తెలియదు. నాలుగైదు నెలలు చూసినా ఎప్పుడూ మనమే చెబుతూ, ఆమె వింటూనే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

శారద మావగారి సంగతి వహినీకి చెప్పింది నాలుగో నెలలో. ముందు భర్తను అడిగింది. 'ఎంతవరకు చెబుతావు?' అని ఆయన అడిగాడు. చాలా మంచి ప్రశ్న. ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకున్న మాట ఇది. 'మావగారికి సాయంత్రంపూట దారి గుర్తుండదు వహినీ. ఆయన ఒక్కరే కిందికి దిగుతూ కనిపిస్తే ఆపొద్దు, కంగారుపడతారు. పక్కన నడుస్తూ నాకు ఫోన్ చేయండి. మీకూ, వాచ్‌మన్‌కూ తప్ప ఎవరికీ చెప్పలేదు.' అంతే. పని జరగడానికి ఎంత కావాలో అంత. తోడికోడలి ప్రస్తావన లేదు, డాక్టరు రాసిన మందుల పేర్లు లేవు. ఎవరికి తెలుసో, ఎవరికి తెలియకూడదో, తెలిసినవాళ్లు ఏం చేయాలో ఉన్నాయి.

దీపావళి ముందు ఒకరోజు శారద మార్కెట్లో ఉండగా ఫోన్ వచ్చింది. మావగారు గేటు దాటారు. వహినీ ఆయన పక్కనే నడుస్తూ, తనకొచ్చిన హిందీలో, 'మాస్టర్జీ, మా అబ్బాయికి ఇంగ్లీషు గ్రామర్ ఎలా చెప్పాలి?' అని అడుగుతోంది. ఆయన చెబుతూ చెబుతూ ఆమెతోపాటే వెనక్కి తిరిగి లిఫ్టు ఎక్కారు. చూసినవాళ్లకు ఇద్దరూ షికారు వెళ్లొచ్చినట్టే ఉంది. ఆయన హెడ్మాస్టరని చాలా ముందే, మామూలు మాటల్లో శారద చెప్పి ఉంది. చూశారా, ఆ పైపొర మాట ఎక్కడ పనికొచ్చిందో!

ఇంత నెమ్మదిగా వెళ్లడానికి ఎదుటివాళ్లు మనకు వ్యవధి ఇవ్వాలి కదా అని మీరడగవచ్చు. నిజమే. మన దేశంలో పరిచయం ప్రశ్నలతోనే మొదలవుతుంది. జీతమెంత, సొంతిల్లా, ఒక్కడేనా, రెండోవాళ్లు లేరా, ఇంటిపేరేంటి? ఇంటిపేరు అడగడంలో అసలు ప్రశ్న వేరే ఉందని అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. ఇవి చాలావరకు కుట్రతో అడిగేవి కావు. అడగడమే ఆప్యాయత అనుకునే పద్ధతి మనది. కాబట్టి ముఖం మాడ్చుకోనక్కర్లేదు. అబద్ధం మాత్రం చెప్పకండి. నీతి కోసం అనడంలేదు, సౌకర్యం కోసమే అంటున్నాను. చెప్పిన అబద్ధాన్ని మూడేళ్లు మోయాలి, ఇంట్లో అందరిచేతా మోయించాలి. రేపు నిజం తెలిస్తే, అంతకుముందు చెప్పిన నిజాలమీద కూడా అనుమానం వస్తుంది.

నేను చెప్పేది ఏమిటంటే, అడిగిన ప్రశ్నకే ఒక పొర పైనుంచి నిజమైన జవాబివ్వండి. జీతం అడిగితే, 'మా జీతాలు దేశమంతా ఒకటే స్కేలండి, ఒప్పందం కుదిరినప్పుడల్లా పేపర్లో పడుతుంది. ఈఎంఐ పోను మిగిలింది కూరగాయలకు సరి' అనండి. నవ్వుకుంటారు. పిల్లల గురించిన ప్రశ్న కష్టమైనది. పిల్లలు లేని ఒకావిడ నాతో అన్నారు, 'లేరండి' అని చెప్పి ఆగడం నేర్చుకోవడానికి తనకు పదేళ్లు పట్టిందట. ఆ తర్వాత కారణం చెప్పాలని మనకే అనిపిస్తుంది. ఎదుటివాళ్ల మౌనాన్ని నింపాలనిపిస్తుంది. నింపకండి. 'లేరండి' అన్నాక ఒక క్షణం ఆగి, 'మీ పాప ఏ క్లాసు?' అని అడగండి. రెండోసారి కూడా తరచి అడిగితే, 'అది మేమిద్దరం బయట మాట్లాడుకోమండీ' అని మెత్తగా అనవచ్చు. మొదటి మాటకే ఆగిపోయేవాళ్లెవరో, ఈ మాట విన్నాక కూడా ఆగనివాళ్లెవరో గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఇంట్లో పిల్లల సంగతి మర్చిపోవద్దు. వాళ్లు కూడా ఆడుకునేచోట పొరలు తీస్తూనే ఉంటారు. 'ఎవరికీ ఏమీ చెప్పకు' అంటే పిల్లవాడికి అర్థం కాదు, భయం మాత్రం పట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫర్ అయిన మొదటి వారంలోనే ఫలానా మూడు సంగతులు ఇంట్లోవే అని పేరుపెట్టి చెప్పండి. తాతగారి జబ్బు, నాన్న లోను, అక్క పెళ్లి సంబంధం, మీ ఇంటికి ఏవైతే అవి. మిగతావి వాడిష్టం.

మన ఇళ్లకు ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది. బ్యాంకు సంగతులు. రెండో అంతస్తువాళ్ల లోను బకాయి పడిందని, ఫలానావాళ్ల డిపాజిట్ ఇంత ఉందని ఇంట్లో భోజనాల దగ్గర పొరపాటునైనా దొర్లకూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడు గోప్యత పాటిస్తామని సంతకం పెట్టినవాళ్లం. 1970 నాటి బ్యాంకుల జాతీయీకరణ చట్టంలో పదమూడో సెక్షనే దానికోసం ఉంది. అది స్నేహం ముదిరేకొద్దీ తీయదగిన పొర కాదు, ఎప్పటికీ మనది కానే కాదు. కొత్త స్నేహితులెవరైనా, 'మీవారి బ్రాంచిలోనే కదా వాళ్ల అకౌంటు' అని నవ్వుతూ కదిపితే, 'ఆయన ఇంట్లో చెప్పరండి' అనండి. అది నిజం కూడా అయి ఉండాలి.

చివరిగా, కింది అంతస్తు తెలుగావిడ ఏమయ్యారని మీలో కొందరు ఎదురుచూస్తున్నారు, ముఖాల్లోనే తెలుస్తోంది. శారద ఆవిడతో మాట్లాడటం మానలేదు. రెండు రోజులు ఆగి వెళ్లి, నెమ్మదిగా చెప్పింది. 'అక్కా, మావగారి సంగతి మీకు ఒక్కరికే అనుకుని చెప్పాను. నేనే ఆ మాట ముందే అనాల్సింది. ఇప్పుడు ఇంకెవరితోనూ అనకండి, పిల్లవాడు బాధపడుతున్నాడు.' ఆవిడ నొచ్చుకుంది, క్షమించమంది, డాక్టరు సంగతి అప్పుడే బయటికి వచ్చింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మావగారి గురించి మళ్లీ మాట్లాడుకోలేదు. గోంగూర ఎక్కడ దొరుకుతుందో, ఏ తెలుగు సినిమా వచ్చిందో, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరు తెస్తారో మాట్లాడుకున్నారు. నాగపూర్లో ఉన్న మూడేళ్లూ ఆ స్నేహం అక్కడే, ఆ పైపొరల్లోనే, హాయిగా నడిచింది. శారద వాళ్లు తిరిగి వచ్చేటప్పుడు సామాన్లు సర్దడానికి ఇద్దరూ వచ్చారు. వహినీ పింగాణీ సామాను చుట్టింది, కింది అంతస్తు ఆవిడ దారిలోకి చపాతీలు, మామిడికాయ పచ్చడి కట్టి ఇచ్చింది.

నాకిచ్చిన సమయం అయిపోయింది. మీ ప్రశ్నలు వింటాను. ఇంట్లో సంగతులు మైకులో అడగక్కర్లేదు, టీ దగ్గర అడగండి.